బిల్డరుకు భూమి ఇచ్చి ఫ్లాట్లు తీసుకుంటే పన్ను ఎంత, ఎప్పుడు?

పట్టణాలు పెరిగే కొద్దీ వాటి అంచున ఉన్న పొలాల్లోకి బిల్డర్లు వస్తున్నారు. భూమి కొనే డబ్బు ముందుగా పెట్టకుండా, "మీ భూమి ఇవ్వండి, మేము అపార్ట్‌మెంట్ కడతాం, అందులో మీ వాటా ఫ్లాట్లు మీకు ఇస్తాం" అంటారు. ముప్పై శాతమా, నలభై శాతమా, యాభై శాతమా అన్నదాని మీద నెలల తరబడి బేరం నడుస్తుంది. ఆ బేరంలో ఆదాయపు పన్ను మాట మాత్రం ఎవరూ ఎత్తరు. బిల్డరుకు ఎత్తాల్సిన అవసరం లేదు. రైతుకేమో "నేను భూమి అమ్మలేదు కదా, చేతికి డబ్బు రాలేదు కదా, పన్ను ఎక్కడిది" అనిపిస్తుంది.

చట్టం దృష్టిలో ఇది అమ్మకమే. డబ్బుకు బదులు ఫ్లాట్లు తీసుకున్నారు, అంతే. ఆ ఫ్లాట్ల విలువను మీకు వచ్చిన ధరగా లెక్కకట్టి, అందులోంచి భూమి ఖరీదు తీసేసి, మిగిలినదాన్ని మూలధన లాభంగా, అంటే క్యాపిటల్ గెయిన్‌గా చూస్తారు. అందువల్ల చేతిలో రూపాయి లేకుండానే లక్షల్లో పన్ను కట్టాల్సిన పరిస్థితి వస్తుంది. అది ఏ ఏడాదిలో వస్తుందో, ఎంత వస్తుందో ముందే తెలిస్తే ఏర్పాటు చేసుకోవచ్చు.

ముందుగా: మీ భూమికి ఈ పన్ను వర్తిస్తుందా?

గ్రామీణ వ్యవసాయ భూమి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూలధన ఆస్తి కాదు. దాన్ని అమ్మినా, మార్చుకున్నా ఈ పన్ను లేదు. ఏది గ్రామీణం అన్నది దూరాన్ని బట్టి తేలుస్తారు. పదివేలకు పైన లక్ష వరకు జనాభా ఉన్న మున్సిపాలిటీ అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష పైన పది లక్షల వరకు అయితే 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఈ దూరాల లోపల ఉంటే మీరు వరి వేస్తున్నా సరే పన్ను పరిధిలోకి వస్తారు. దూరాన్ని రోడ్డు వెంట కాకుండా పక్షి ఎగిరినట్టు నేరుగా కొలుస్తారు. రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు ఉన్న పొలం నేరుగా కొలిస్తే ఏడే ఉండొచ్చు, కాబట్టి బస్సు చార్జీని నమ్ముకోవద్దు.

దూరం కలిసొచ్చినా ఇంకో మెలిక ఉంది. అపార్ట్‌మెంట్ కట్టాలంటే భూమిని వ్యవసాయేతరంగా మార్చాలి. మనవాళ్లు దీన్నే నాలా అంటారు. బిల్డరుకు భూమి అప్పగించే రోజుకు అది వ్యవసాయ భూమిగా ఉందా, అప్పటికే మారిపోయిందా అన్నది ఇక్కడ ముఖ్యం. చాలామంది బిల్డర్లు ముందు రైతు పేరు మీదే నాలా చేయించి, ఆ తర్వాత ఒప్పందం రాయించుకుంటారు. అలా చేస్తే ఆ రోజుకు మీ చేతిలో ఉన్నది పొలం కాదు, ఇళ్ల స్థలం. గ్రామీణ భూమి మినహాయింపు అడిగే దారి చాలావరకు మూసుకుపోతుంది. మీ భూమి నిజంగా ఆ దూరాలకు అవతల ఉంటే, మార్పిడి దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందే ఆడిటరు దగ్గరకు వెళ్లండి. పహాణీ లేదా అడంగల్ నకళ్లు, పంట నమోదు కాగితాలు, దూరం గురించి తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం అప్పుడే తీసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత అక్కడ అయిదంతస్తుల భవనం ఉంటుంది. అది ఒకప్పుడు వరి మడి అని అప్పుడు నిరూపించడం కష్టం.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ దూరాల లోపల ఉన్న భూమి గురించి.

పన్ను ఏ ఏడాదిలో పడుతుంది?

ఒకప్పుడు ఈ విషయంలో రైతులు బాగా నలిగారు. బిల్డరుకు భూమి అప్పగించిన ఏడాదే బదిలీ జరిగినట్టు, ఆ ఏడాదే పన్ను కట్టాలని ఆదాయపు పన్ను శాఖ అనేది. 2014లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒక కేసులో స్వాధీనం ఇచ్చిన ఏడాదే లాభం వచ్చినట్టని తీర్పు చెప్పింది. పునాది కూడా తీయని ఫ్లాట్ల మీద పన్ను అన్నమాట.

ఈ బాధ తీర్చడానికి 2017 ఫైనాన్స్ చట్టం ద్వారా 45వ సెక్షన్‌లో (5ఏ) అనే ఉపసెక్షన్ చేర్చారు. దాని ప్రకారం భూమి అప్పగించిన ఏడాది పన్ను లేదు. ప్రాజెక్టు పూర్తయినట్టు మున్సిపాలిటీ వంటి అధికార సంస్థ కంప్లీషన్ సర్టిఫికెట్ ఇచ్చిన ఏడాదిలో ఆ లాభం మీ ఆదాయంగా లెక్కకు వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ ఏర్పాటు అలాగే ఉంది. ఆడిటర్లు ఇంకా పాత అంకెతోనే మాట్లాడుతున్నారు కాబట్టి ఇక్కడ దాన్నే వాడుతున్నాను.

ఈ వాయిదా అందరికీ దొరకదు. భూమి వ్యక్తి పేరున గాని, హిందూ అవిభక్త కుటుంబం పేరున గాని ఉండాలి. భాగస్వామ్య సంస్థకో కంపెనీకో ఇది లేదు. రెండోది, బిల్డరుతో ఒప్పందం తప్పకుండా రిజిస్టరు కావాలి. మన దగ్గర డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ అనే పేరుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేసే దస్తావేజు ఇదే. స్టాంపు ఖర్చు మిగులుతుందని వంద రూపాయల కాగితం మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించి భూమి అప్పగిస్తే ఈ సెక్షన్ మీకు పనికిరాదు. పాత సాధారణ నియమాలతో, పాత తగాదాతో మళ్లీ మొదటికి వస్తారు. మూడోది, ప్రతిఫలంలో ప్రాజెక్టులో వాటా ఉండాలి. కొంత డబ్బు కూడా ఇస్తే ఫరవాలేదు, మొత్తం డబ్బే అయితే మాత్రం అది మామూలు అమ్మకం.

సర్టిఫికెట్ విషయంలో ఒక మాట జాగ్రత్తగా గమనించండి. ప్రాజెక్టు మొత్తానికి గాని, అందులో ఒక భాగానికి గాని సర్టిఫికెట్ వస్తే చాలు అని చట్టం అంటుంది. మూడు బ్లాకుల ప్రాజెక్టులో మొదటి బ్లాకుకు ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకున్నారనుకోండి. మీ ఫ్లాట్లు మూడో బ్లాకులో ఉండి, అక్కడ ఇంకా ఇటుక పని నడుస్తున్నా, పన్ను ఏడాది వచ్చేసిందని అధికారి అనగలరు. అందుకే బ్లాకులుగా కట్టే ప్రాజెక్టులో మీ వాటాను మొదటి బ్లాకులోనే అడగడం మంచిది, కనీసం కొన్ని ఫ్లాట్లైనా.

ఆ సర్టిఫికెట్ వచ్చేది బిల్డరు చేతికి, మీకు కాదు. మీకు తెలియకుండానే మార్చి నెలలో అది వచ్చి, ఏప్రిల్ చివర మీకు తాళాలు ఇస్తే, మీరు కొత్త ఏడాది అనుకుంటారు, పన్ను పాత ఏడాదిది అవుతుంది. సర్టిఫికెట్ వచ్చిన వారం రోజుల్లో నకలు ఇవ్వాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. బిల్డరు కాదనేంత పెద్ద కోరిక కాదది.

ఎంత విలువ మీద?

మీ వాటా ఫ్లాట్లకు, సర్టిఫికెట్ వచ్చిన తేదీన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న ప్రభుత్వ విలువ ఎంతో అదే మీకు వచ్చిన ధర. బయట ఫ్లాటు ఎంతకు పోతుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఒప్పందం రాసుకున్న రోజు విలువ కూడా రాదు. నిర్మాణం సాగే మూడు నాలుగేళ్లలో ప్రభుత్వం విలువలు పెంచితే ఆ పెంపు మీ పన్నులోకి వస్తుంది. సర్టిఫికెట్ వచ్చిన వెంటనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి, ఆ తేదీకి మీ ఫ్లాట్ల విలువ ధ్రువపత్రం తీసుకోండి. తర్వాత విలువలు మారితే పాత తేదీ విలువ వెతికించడం పెద్ద తిప్పట.

బిల్డరు ఇచ్చిన డబ్బును రెండుగా చూడాలి. తిరిగి ఇచ్చేయాల్సిన డిపాజిట్ ప్రతిఫలం కాదు, అది అప్పులాంటిది. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు, మన ఊళ్లలో గుడ్‌విల్ అంటారు, ఫ్లాట్ల విలువకు కలుస్తుంది. ఈ గుడ్‌విల్ ఇచ్చేటప్పుడే బిల్డరు పది శాతం టీడీఎస్ కోసి మీ పాన్ మీద కట్టాలి. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం కోస్తారు. ఆ డబ్బు మీదే, పన్నులో సర్దుబాటు అవుతుంది. కాని ఆదాయం లెక్కకు వచ్చేది సర్టిఫికెట్ ఏడాదిలో కనుక, టీడీఎస్ సర్దుబాటు కూడా అప్పుడే. ఈలోగా కోత జరిగిన ఏడాది రిటర్ను వేసి, ఆ మొత్తాన్ని ముందు ఏడాదికి తీసుకెళ్తున్నట్టు చూపించాలి. ఈ పని వదిలేసిన వాళ్లకు తర్వాత ఆ డబ్బు రాబట్టుకోవడం చాలా శ్రమ అవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

మున్సిపాలిటీని ఆనుకుని ఒక రైతుకు 25 సెంట్ల భూమి ఉందనుకుందాం. తెలంగాణ లెక్కలో పది గుంటలు, గజాల్లో 1210. తండ్రి నుంచి వచ్చింది, 2001కి చాలా ముందు కొన్నది. 2024 ఆగస్టులో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టరు చేసి, భూమి బిల్డరుకు అప్పగించాడు. మొత్తం 20 ఫ్లాట్లు, రైతు వాటా నలభై శాతం, అంటే 8 ఫ్లాట్లు, ఒక్కొక్కటి 1200 చదరపు అడుగులు. తిరిగి ఇవ్వక్కర్లేని గుడ్‌విల్ 10 లక్షలు. బిల్డరు అందులో లక్ష టీడీఎస్ కోసి 9 లక్షలు బ్యాంకులో వేశాడు. సర్టిఫికెట్ 2027 ఫిబ్రవరిలో వస్తుందనుకుందాం.

ఆ రోజు ఫ్లాట్ల ప్రభుత్వ విలువ అడుగుకు 2,500 రూపాయలనుకుంటే ఒక్కో ఫ్లాటు 30 లక్షలు, ఎనిమిదికి 2 కోట్ల 40 లక్షలు. గుడ్‌విల్ కలిపితే 2 కోట్ల 50 లక్షలు. ఇదే రైతుకు వచ్చిన ధర.

ఇక భూమి ఖరీదు. 2001 ఏప్రిల్ 1కి ముందు వచ్చిన ఆస్తి అయితే, అసలు కొన్న ధరకు బదులు ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు, అయితే ఆ నాటి ప్రభుత్వ విలువను మించకూడదు. గజం 300 అనుకుంటే 1210 గజాలకు 3 లక్షల 63 వేలు. ఫ్లాట్ల విలువలో వాటి కింది భూమి వాటా కూడా కలిసి ఉంటుంది కనుక, మొత్తం భూమి ఖరీదును తీసేయడమే సబబని నా అభిప్రాయం. బిల్డరుకు పోయిన అరవై శాతం భూమి ఖరీదే తీస్తామని అనేవాళ్లూ ఉన్నారు. ఈ రైతు విషయంలో తేడా లక్షన్నర లోపే కనుక దాని మీద తగవు పడేంత లేదు. ఈమధ్యే పెద్ద ధర పెట్టి భూమి కొన్నవాళ్లకు మాత్రం ఇది పెద్ద తేడా తెస్తుంది.

2 కోట్ల 50 లక్షల్లోంచి 3.63 లక్షలు తీస్తే లాభం 2 కోట్ల 46 లక్షల 37 వేలు. దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం పన్ను, అంటే 30 లక్షల 80 వేలు. లాభం కోటి దాటింది కాబట్టి పన్ను మీద 15 శాతం సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్సు. మొత్తం సుమారు 36 లక్షల 80 వేలు.

2024 జూలై 23కి ముందు కొన్న భూమి కనుక రైతుకు ఇంకో దారి కూడా ఉంది. పాత ఖరీదును ద్రవ్యోల్బణ సూచిక ప్రకారం పెంచుకుని 20 శాతం పన్ను కట్టవచ్చు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 2001 నాటి సూచిక 100, భూమి అప్పగించిన 2024-25లో 363. ఖరీదు 13 లక్షల 18 వేలు అవుతుంది. లాభం 2 కోట్ల 36 లక్షల 82 వేలు, దాని మీద 20 శాతం అంటే సర్‌చార్జికి ముందే 47 లక్షలు దాటుతుంది. పాత తరం నుంచి వచ్చిన భూములకు ఖరీదు మరీ తక్కువ కాబట్టి దాదాపు ఎప్పుడూ 12.5 శాతమే లాభం.

ఒక హెచ్చరిక. ఈ 12.5 శాతం రేటు 2024 జూలై 23 నుంచి జరిగిన బదిలీలకు. మీరు అంతకు ముందే భూమి అప్పగించి ఉంటే, సర్టిఫికెట్ ఇప్పుడు వచ్చినా సరే, బదిలీ తేదీ పాతది కాబట్టి సూచికతో కూడిన 20 శాతమే వర్తిస్తుందనే వాదన బలంగా ఉంది. అలాంటివాళ్లు ఎక్కువ మొత్తాన్నే దృష్టిలో పెట్టుకుని డబ్బు సిద్ధం చేసుకోవాలి.

36 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి?

ఈ రైతు చేతికి ఇంతవరకు వచ్చింది 9 లక్షలు. అది కూడా రెండున్నరేళ్ల కిందట వచ్చి, ఈపాటికి బోరుకో, పెళ్లికో ఖర్చయి ఉంటుంది. అంటే ఒక ఫ్లాటు అమ్మక తప్పదు. ఎప్పుడు అమ్మాలన్నదే ఇక్కడ కీలకం.

సర్టిఫికెట్ వచ్చాక అమ్మితే లెక్క సులువు. పన్ను కోసం తీసుకున్న 30 లక్షలే ఆ ఫ్లాటుకు మీ ఖరీదు అవుతుంది. ఫ్లాటు 42 లక్షలకు పోయిందనుకుంటే లాభం 12 లక్షలే. రెండేళ్ల లోపు అమ్మారు కనుక అది స్వల్పకాలిక లాభం, మామూలు స్లాబుల ప్రకారం దానికి లక్ష లోపు పన్ను పడుతుంది. 42 లక్షలతో రెండు పన్నులూ కట్టి, ఇంకా నాలుగైదు లక్షలు మిగులుతాయి. మిగతా ఏడు ఫ్లాట్లు చేతిలో ఉంటాయి. వాటిని రెండేళ్ల తర్వాత అమ్మితే 30 లక్షల పైన వచ్చిన లాభానికే 12.5 శాతం చొప్పున పన్ను.

సర్టిఫికెట్ రాకముందే అమ్మితే కథ మారిపోతుంది. మూడో స్లాబు పడగానే బిల్డరు మనిషి ఒక కొనుగోలుదారుణ్ణి తెస్తాడు, "మీ 302 ఇచ్చేయండి, ఇప్పుడు మంచి ధర" అంటాడు. అమ్మాయి పెళ్లి దగ్గర పడి ఉంటుంది. రైతు రిజిస్ట్రేషన్ చేసేస్తాడు. కాని సర్టిఫికెట్ తేదీ నాటికి గాని, అంతకు ముందు గాని మీ వాటాను బదిలీ చేస్తే ఈ ఉపసెక్షన్ వర్తించదని చట్టం స్పష్టంగా అంటుంది. లాభం ఆ అమ్మిన ఏడాదే ఆదాయం అవుతుంది, ప్రభుత్వ విలువ అనే సులువైన కొలతా పోతుంది. ఒక్క ఫ్లాటు అమ్మితే ఆ ఒక్కదానికే పోతుందా, మొత్తం వాటాకు పోతుందా అన్నది చట్టంలో విడమర్చి రాయలేదు. మాట ప్రకారం చదివితే మొత్తానికి పోయే ప్రమాదం ఉంది. ఎనిమిది ఫ్లాట్ల పన్నును ఒక్క ఫ్లాటు కోసం ముందుకు లాక్కోవడం తెలివైన పని కాదు. మరీ అవసరమైతే బ్యాంకు అప్పు మేలు. పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాయాలన్నా సర్టిఫికెట్ చేతికొచ్చాకే రాయించండి.

అమ్మేటప్పుడు కొందరు "ప్రభుత్వ విలువకే దస్తావేజు రాద్దాం, మిగతాది నగదు" అంటారు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తాన్నే జరిమానాగా వేయవచ్చు. పన్ను మిగలడం కోసం అసలుకు ఎసరు తెచ్చుకోవద్దు.

ఇంకో చిన్న విషయం. సర్టిఫికెట్ మార్చి చివరి వారంలో వస్తే ఆ నెల 31లోగా అడ్వాన్సు పన్ను కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. అదే ఏప్రిల్ మొదటి వారంలో వస్తే పన్ను ఆ ఏడాది అడ్వాన్సు వాయిదాల్లో కట్టాలి, అయినా ఫ్లాటు అమ్ముకోవడానికి మరికొంత సమయం దొరుకుతుంది. సర్టిఫికెట్ తేదీ మీ చేతిలో ఉండదు గాని, బిల్డరు దరఖాస్తు పెట్టే ముందు ఈ సంగతి మాట్లాడుకోవడంలో తప్పు లేదు. 60 ఏళ్లు దాటి వ్యాపార ఆదాయం లేనివాళ్లకు అడ్వాన్సు పన్ను బెడద లేదు, రిటర్నుతో పాటు కట్టవచ్చు.

మళ్లీ పొలం కొంటే మినహాయింపు వస్తుందా?

రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పన్ను పరిధిలో ఉన్న వ్యవసాయ భూమి ఇచ్చి, రెండేళ్లలో వేరేచోట వ్యవసాయ భూమి కొంటే, కొన్నంత మేరకు లాభంలో మినహాయింపు ఇచ్చే 54బి సెక్షన్ ఉంది. ఇచ్చిన భూమిని అప్పగించడానికి ముందు రెండేళ్లు మీరు గాని మీ తల్లిదండ్రులు గాని సాగు చేసి ఉండాలి. నాలా చేయించి రెండేళ్లు బీడు పెట్టిన భూమికి ఇది నిలబడటం కష్టం. పంట నమోదు కాగితాలు దాచుకోమన్నది ఇందుకు కూడా.

చిక్కు ఆ రెండేళ్ల దగ్గర వస్తుంది. గడువు మొదలయ్యేది బదిలీ తేదీ నుంచి. బదిలీ జరిగింది భూమి అప్పగించినప్పుడు, సర్టిఫికెట్ వచ్చినప్పుడు కాదు. సర్టిఫికెట్ తేదీ వరకు వాయిదా పడింది పన్ను మాత్రమే. పై రైతు విషయంలో రెండేళ్లు 2026 ఆగస్టుకే ముగిసిపోతాయి, పన్ను పడే 2027 ఫిబ్రవరి కన్నా ఆరు నెలల ముందు. ఒప్పంద భూములకు ఈ గడువును సర్టిఫికెట్ తేదీ నుంచి లెక్కించాలని చట్టంలో ఎక్కడా రాయలేదు. వాదించి గెలవవచ్చేమో గాని, ఆ వాదన మీద నమ్మకం పెట్టుకుని పొలం కొనడం వాయిదా వేయొద్దు. గుడ్‌విల్ డబ్బో, వేరే డబ్బో ఉండి పొలం కొనే ఆలోచన ఉంటే, భూమి అప్పగించిన రోజు నుంచి రెండేళ్ల లోపు, మీ పేరు మీదే కొనండి. ఆ కొత్త పొలాన్ని మూడేళ్ల లోపు అమ్మకూడదు. అమ్మితే ఇచ్చిన మినహాయింపు వెనక్కి పోతుంది. ఆరు నెలల్లో కొనాల్సిన 54ఈసీ బాండ్లకు కూడా ఇదే గడువు చిక్కు ఉంది.

ఇంటి మీద పెట్టుబడికి ఇచ్చే 54ఎఫ్ మినహాయింపును బిల్డరు ఇచ్చిన ఫ్లాట్లకే వాడుకోవచ్చని కొందరు ఆశ పెడతారు. ఇప్పుడున్న చట్టంలో అది ఒకే ఒక ఇంటికి. అంటే ఎనిమిది ఫ్లాట్లలో ఒక్కదానికి, పై లెక్కలో లాభం సుమారు 29 లక్షల 50 వేలు మేరకు తగ్గొచ్చు. అయితే కట్టడం మూడేళ్లలో పూర్తి కావాలి, ఆ గడువూ భూమి అప్పగించిన తేదీ నుంచే. పైగా మిగతా ఏడు ఫ్లాట్లు మీ పేరున రావడమే ఈ మినహాయింపుకు అడ్డం తిరిగే అవకాశం ఉంది. ఇది దొరికితే సంతోషం, కాని పన్నుకు డబ్బు సర్దుకునేటప్పుడు దీన్ని లెక్కలో వేసుకోకండి.

అన్నదమ్ముల ఉమ్మడి భూమి అయితే ఎవరి వాటా ఫ్లాట్లకు వాళ్లే విడిగా లెక్క వేసుకుని రిటర్ను వేయాలి. పై ఎనిమిది ఫ్లాట్లు ముగ్గురివైతే ఒక్కొక్కరి లాభం కోటి లోపే ఉంటుంది, సర్‌చార్జి 15 నుంచి 10 శాతానికి తగ్గుతుంది. ఇందుకోసం ఏ ఫ్లాటు ఎవరిదో తెలిపే వాటాల పత్రం సర్టిఫికెట్ రాకముందే రాసి, రిజిస్టరు చేయించి పెట్టుకోవాలి. ఒప్పందం మీద ముగ్గురూ సంతకం చేశాక, ఒకరి పాన్ మీదే టీడీఎస్ కట్టడం తరచూ జరుగుతోంది. సంతకాల రోజే ముగ్గురి పాన్ నంబర్లూ బిల్డరుకు రాతపూర్వకంగా ఇచ్చి, మూడు నెలల తర్వాత ఎవరి 26ఏఎస్ పత్రంలో ఎంత పడిందో చూసుకోండి. పొరపాటు ఆ ఏడాదిలోనే కనబడితే బిల్డరు లెక్కల మనిషి ఒక దిద్దుబాటు స్టేట్‌మెంటుతో సరిచేయగలడు. ఫ్లాట్లు చేతికొచ్చి, బిల్డరు ఆఫీసు మరో ఊరికి మారాక అయితే ఆ పని చేయించడం కష్టం.